చేతిలో రెండు ఆఫర్ లెటర్లు

మా అక్క కూతురు ఆ ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. టెస్టింగ్‌లో నాలుగేళ్ల అనుభవం, వనస్థలిపురంలో సొంతిల్లు, మూడేళ్ల కొడుకు. ఒకే వారంలో రెండు ఆఫర్ లెటర్లు వచ్చాయి. మొదటిది నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఓ స్టార్టప్, 14 లక్షలు. డబ్బు చెల్లింపుల యాప్ చేస్తారు. రెండోది ఉప్పల్‌లో ఓ మధ్యతరహా కంపెనీ, 12 లక్షలు. ఆరోగ్య బీమా క్లెయిమ్‌ల సాఫ్ట్‌వేర్ వాళ్లది.

"మావయ్యా, ఎక్సెల్‌లో వేసి చూశాను. మొదటి దానికి 7.4, రెండో దానికి 7.2 వచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి?" అంది.

ఆ షీటు చూశాను. ఎదుగుదల, మేనేజర్, స్థిరత్వం, ప్రయాణం, నేర్చుకునే అవకాశం, అన్నిటికీ పదికి మార్కులు వేసింది. ఏది ఎంత ముఖ్యమో శాతాలు కూడా పెట్టుకుంది. మేనేజర్ వరుసలో ఒకరికి 7, ఇంకొకరికి 6. "ఈ ఏడు ఎక్కణ్నుంచి వచ్చిందమ్మా?" అని అడిగాను. ఇంటర్వ్యూలో నలభై నిమిషాలు మాట్లాడారట, నవ్వుతూ మాట్లాడారట. అంతకుమించి ఆమె దగ్గర ఏమీ లేదు.

ఇరవై ఏళ్లకు పైగా కంపెనీల తరఫున కూర్చుని మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకున్నవాణ్ని. ఇలాంటి షీట్లు చాలా చూశాను. వాటిలో లెక్క సరిగ్గానే ఉంటుంది. లెక్కలోకి వెళ్లే అంకెలే గాల్లోంచి వస్తాయి. పైగా ప్రయాణానికి 15 శాతం ఇవ్వాలా 25 ఇవ్వాలా అన్నది మనమే నిర్ణయిస్తాం కాబట్టి, మనసు ముందే ఎటు మొగ్గిందో ఆ జవాబే వచ్చేదాకా శాతాలు మారుస్తూ పోవచ్చు. అందుకే షీటు మూసేసి వారం రోజులు అసలు సమాచారం పోగుచేద్దామన్నాను. చేరే తేదీ గురించి ఇద్దరూ వారం గడువిచ్చారు కాబట్టి సరిపోయింది. గడువు లేకపోయినా అడిగితే నాలుగైదు రోజులు ఇస్తారు. ఈ రోజే చెప్పకపోతే ఆఫర్ వెనక్కి తీసుకుంటామనే కంపెనీ తన గురించి తానే ఒక విషయం చెప్పేసినట్టు.

ముందు జీతం సంగతి తేల్చేసి పక్కన పెట్టాం, ఎందుకంటే మిగతావన్నీ ఆ రెండు లక్షల తేడాతోనే తూగాలి. స్టార్టప్ వారి 14 లక్షల్లో లక్ష జాయినింగ్ బోనస్. అది మొదటి ఏడాదే, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. ఇంకో 1,30,000 వేరియబుల్, అంటే కంపెనీ లాభనష్టాల్ని బట్టి వచ్చేది. ఖాయంగా వచ్చేది 11,70,000. ఉప్పల్ కంపెనీలో వేరియబుల్ 60 వేలు, ఖాయంగా వచ్చేది 11,40,000. రెండిటి మధ్య నికరమైన తేడా ఏడాదికి 30 వేలు, నెలకు రెండున్నర వేలు. పన్ను సంగతి కూడా చూశాం. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్ను పడదు. బోనసూ వేరియబులూ పూర్తిగా వస్తే స్టార్టప్‌లో మొదటి ఏడాది ఆ గీత దాటి దాదాపు 80 వేలు పన్నుకు పోతుంది. ఉప్పల్‌లో పన్నే లేదు. రెండు లక్షలుగా కనిపించింది ఎంత చిన్నదో ఆ సాయంత్రమే తెలిసింది.

ఇక అసలు పని. దీనికి నేను పాటించే నియమం ఒక్కటే. కంపెనీ వాళ్లను జరగబోయేది అడగకూడదు, జరిగిపోయింది అడగాలి. "ఇక్కడ నేర్చుకోవడానికి అవకాశం ఉంటుందా?" అంటే ఏ మేనేజరైనా ఉంటుందనే అంటాడు. అబద్ధం చెప్పాలని కాదు, తనూ అలా జరగాలనే కోరుకుంటాడు. నేనూ అవతలి కుర్చీలో కూర్చుని అలాంటి మాటలు చాలా ఇచ్చాను, సగం నిలబెట్టుకోలేకపోయాను. అదే "పోయిన నెలలో మీ టీమ్‌లో నా స్థాయి వాళ్లు ఏ పనులు చేశారు?" అని అడిగితే కోరికకు చోటుండదు.

ఆఫర్ చేతికొచ్చాక మేనేజర్‌తో ఇంకో అరగంట మాట్లాడాలని హెచ్‌ఆర్‌ను అడగడం తప్పేం కాదు. చాలామంది మొహమాటపడి అడగరు. ఇంటర్వ్యూలో పరీక్షించేది వాళ్లు. ఆఫర్ ఇచ్చాక చేరాలో వద్దో తేల్చుకునేది మనం, అప్పుడే జవాబులు కాస్త నిజంగా వస్తాయి. సోమవారం ఉప్పల్ మేనేజర్‌తో, బుధవారం స్టార్టప్ మేనేజర్‌తో మాట్లాడింది.

నేర్చుకోవడం విషయంలో ఆమె అనుకున్నది తలకిందులైంది. స్టార్టప్ అంటే కొత్త పని, పాత కంపెనీ అంటే అరిగిపోయిన పని అనుకుంది. పోయిన నెల ఏం చేశారని అడిగితే స్టార్టప్ మేనేజర్ కాసేపు ఆలోచించి, వారానికి రెండు రిలీజ్‌లు ఉంటాయి కాబట్టి టీమంతా మాన్యువల్ టెస్టింగ్‌లోనే ఉందన్నాడు. ఆటోమేషన్ వచ్చే ఏడాది మొదలవుతుందన్నాడు. ఎవరు చేస్తారంటే, దానికి మనిషిని తీసుకోవాలన్నాడు. అంటే చేతితో యాప్ నొక్కి చూసే పనే ఇంకో ఏడాది. నాలుగేళ్లుగా ఆమె చేస్తున్నదీ, వదిలించుకోవాలనుకుంటున్నదీ అదే. ఉప్పల్‌లో మూడు వేల మాన్యువల్ టెస్టులను కోడ్‌గా మార్చే పని ఏడాదిగా సాగుతోంది, దాదాపు సగం అయ్యాయి. పోయిన నెలలో ఆమె స్థాయి ఇద్దరు కలిసి క్లెయిమ్ తిరస్కరణకు సంబంధించిన 140 టెస్టులు రాశారని మేనేజర్ లెక్కతో చెప్పారు. ఆ కోడ్‌ను సీనియర్ ఒకరు వరసగా చూసి తప్పులు చెబుతారట. నేర్చుకోవడమంటే నా దృష్టిలో ఇది. మన పనిని మనకన్నా బాగా తెలిసినవాళ్లు ప్రతివారం చూసి సరిదిద్దాలి. కొత్త టెక్నాలజీ పేర్లు ఎన్ని ఉన్నా, చూసేవాళ్లు లేకపోతే చేసిన తప్పే చేస్తూ అలవాటు పడిపోతాం.

మేనేజర్ గురించి మేనేజర్‌నే అడిగితే సగమే తెలుస్తుంది. ఆ సగానికి రెండు ప్రశ్నలు చాలు. మీ టీమ్ నుంచి చివరగా వెళ్లిపోయిందెవరు, ఎందుకు వెళ్లారు? చివరగా ప్రమోషన్ వచ్చిందెవరికి, ఎన్నేళ్లకు? ఉప్పల్ మేనేజర్ తడుముకోలేదు. ఒకామె భర్తకు పుణె బదిలీ అయి వెళ్లిందని, ఒకతను ఎక్కువ జీతానికి వెళ్లాడని, అతన్ని ఆపడానికి తను అడిగిన పెంపు పైవాళ్లు ఒప్పుకోలేదని చెప్పారు. ఆ చివరి మాట నాకు నచ్చింది. టీమ్ వాళ్ల కోసం ఆయన పైకి వెళ్లి అడుగుతారు, ఓడిపోతే ఓడిపోయానని చెబుతారు. స్టార్టప్ మేనేజర్ జవాబు, "కమిట్‌మెంట్ లేనివాళ్లు వెళ్లిపోయారు." ఎంతమంది అంటే నవ్వేశాడు.

మిగతా సగం, వెళ్లిపోయినవాళ్ల దగ్గర ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో కంపెనీ పేరు, టెస్టింగ్ అనే మాట వేసి వెతికితే ఇప్పుడున్నవాళ్లతోపాటు పాతవాళ్లూ కనిపిస్తారు. ఎవరెన్నాళ్లు పనిచేశారో పక్కనే ఉంటుంది. స్టార్టప్‌లో ఆ టీమ్‌లో పనిచేసి వెళ్లిన ఐదుగురిలో నలుగురు ఏడాది నిండకుండానే వెళ్లారు. ఒకరు అలా వెళితే సొంత కారణం అనుకోవచ్చు, నలుగురంటే కారణం కుర్చీలో ఉంది. వాళ్లలో ఇద్దరికి మెసేజ్ పెడితే ఒకమ్మాయి ఫోన్లో మాట్లాడింది. ఇక్కడ కూడా "మేనేజర్ ఎలాంటివాడు?" అని అడిగితే లాభం లేదు. కోపంగా వెళ్లినవాళ్లు తిడతారు, జాగ్రత్తపరులు మంచివాడే అంటారు. జరిగినదాన్ని అడగాలి. రిలీజ్‌లో తప్పు దొర్లినప్పుడు మర్నాటి మీటింగ్‌లో ఏం జరిగేది? సెలవు పెడితే ఫోన్లు వచ్చేవా? రాత్రి చివరి మెసేజ్ ఎన్నింటికి వచ్చేది? ఆ అమ్మాయి మేనేజర్‌ను ఒక్క మాట కూడా అనలేదు. తప్పు దొరికిన ప్రతిసారీ ఏ టెస్టర్ వదిలేశారో పేరుతో సహా అందరున్న గ్రూప్‌లో పెట్టేవారని మాత్రం చెప్పింది. మా మేనకోడలు ఫోన్ పెట్టేసి కాసేపు మాట్లాడలేదు.

ఎదుగుదల దగ్గర ఎక్కువ సేపు ఆగలేదు. స్టార్టప్ ఆమెకు 'లీడ్' అనే హోదా ఇస్తానంది. ఆమె కింద మనుషులెవరూ లేరు. కింద మనుషులు లేని లీడ్‌ను తర్వాతి ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నల్లో పట్టేస్తారు. నేనే పట్టేవాణ్ని. ఉప్పల్‌లో మూడేళ్ల కింద ఇదే స్థాయిలో చేరినవాళ్లలో ఇద్దరు ఒక మెట్టు ఎక్కారు, ఒకరు అక్కడే ఉన్నారు. గొప్ప వేగమేం కాదు, కానీ అది జరిగింది.

స్థిరత్వం గురించి మన ఇళ్లలో ఇప్పటికీ ఒక అపోహ ఉంది, పెద్ద పేరుంటే చాలని. 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. పేరు చూసి ఉద్యోగం భద్రమనుకోలేం. జీతాలకు సరిపడా డబ్బు సమయానికి వస్తోందా, మనుషులు తగ్గుతున్నారా అన్నవే చూడాలి. బయట కూర్చుని ఈ రెండూ చూడగల చోటు ఒకటుంది, ఉద్యోగం వెతికేవాళ్లలో చాలామందికి తెలియదు. భవిష్య నిధి సంస్థ ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో Establishment Search అనే పేజీ. అందులో కంపెనీ పేరు వేసి, దాని పక్కనున్న View Details లోకి వెళితే, నెలనెలా కట్టిన పీఎఫ్ వివరాలు కనిపిస్తాయి. ఏ నెల జీతానికి ఎంత కట్టారు, ఏ తేదీన కట్టారు, ఎంతమంది ఉద్యోగుల తరఫున కట్టారు. లాగిన్ అక్కర్లేదు, ఎవరైనా చూడొచ్చు.

ఒక నెల పీఎఫ్‌ను ఆ పై నెల 15లోగా కట్టాలి. ఉప్పల్ కంపెనీ ఏడాదంతా 12, 13, 14 తేదీల్లోనే కట్టింది, మనుషుల సంఖ్య 640కి అటూ ఇటూగా నిలకడగా ఉంది. స్టార్టప్ ఏప్రిల్‌లో 212 మందికి కట్టింది, నవంబరు వచ్చేసరికి 171. చివరి మూడు నెలల్లో రెండుసార్లు 25 దాటాక కట్టింది. డబ్బుకు ఇరుకైనప్పుడు యాజమాన్యం జీతాలు ఆపడానికి జంకుతుంది, ఎందుకంటే వెంటనే అందరికీ తెలిసిపోతుంది. పీఎఫ్ పది రోజులు ఆలస్యమైతే ఎవరూ గమనించరు. అందుకే ఆ తేదీల్ని నేను ముందు చూస్తాను.

దీన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఒకే కంపెనీకి రెండు మూడు పీఎఫ్ కోడ్‌లు ఉండొచ్చు, ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉంటే హైదరాబాద్ వాళ్ల లెక్క అందులో కలిసి ఉండొచ్చు. సొంత పీఎఫ్ ట్రస్టు నడిపే పెద్ద కంపెనీల వివరాలు ఇలా పూర్తిగా కనిపించవు. కాంట్రాక్టు ఉద్యోగులు వాళ్లను పంపిన ఏజెన్సీ లెక్కలో ఉంటారు. అందుకే నేను ఒక నెల అంకెను పట్టించుకోను, ఏడాది పొడవునా అది ఎటు వెళుతోందో చూస్తాను. అనుమానం వస్తే కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో వంద రూపాయలు కట్టి కంపెనీ దాఖలు చేసిన లెక్కలు చూడొచ్చు. అంకెలు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ఆడిటర్ నివేదికలో కంపెనీ ఇలాగే కొనసాగగలదా అనే సందేహం ఎక్కడైనా రాశాడేమో వెతకాలి. స్టార్టప్ లెక్కల్లో అలాంటి మాటేమీ లేదు. నష్టం మాత్రం ముందటేడు కన్నా పెరిగింది. హెచ్‌ఆర్‌ను నేరుగా అడగమన్నాను, ఇప్పుడున్న డబ్బు ఎన్ని నెలల ఖర్చుకు సరిపోతుందని. స్టార్టప్‌లో అడగదగ్గ ప్రశ్నే ఇది. "మా ఇన్వెస్టర్లు చాలా బలమైనవాళ్లు" అన్నారు. నెలలు అడిగితే మనుషుల గురించి చెప్పారు.

మంగళవారం ఆమెతో ఒక పని చేయించాను, సెలవు పెట్టించి మరీ. ఆఫీసు వేళకు ఆఫీసుకు వెళ్లి రావడం. ఫోన్‌లో మ్యాప్ ఆదివారం మధ్యాహ్నం చూపించే సమయం దేనికీ పనికిరాదు. ఉదయం 8.05కి ఇంటి దగ్గర ఆటో ఎక్కింది. ఎల్.బి. నగర్‌లో మెట్రో రెడ్ లైన్, అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్, చివరి స్టేషన్ రాయదుర్గం. అక్కణ్నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు మెట్రో లేదు. షేర్ ఆటో కోసం నిలబడి, ఆఫీసు గేటు ముందు దిగేసరికి సరిగ్గా పది. సాయంత్రం 6.15కి బయల్దేరితే ఇంటికి 8.20. పిల్లాడు తొమ్మిదికి నిద్రపోతాడు. ఖర్చు రోజుకు మూడు వందలు దాటింది. పగటి షిఫ్టుకు కంపెనీ క్యాబ్ లేదు, వారానికి ఐదు రోజులూ రావాలి.

ఉప్పల్‌కు స్కూటీ మీద నలభై నిమిషాలు, వారానికి మూడు రోజులే. లెక్క వేస్తే ఒకచోట నెలకు 88 గంటలు దారిలో పోతాయి, ఇంకోచోట 17. తేడా 71 గంటలు, అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున దాదాపు తొమ్మిది పని దినాలు. నెలకు తొమ్మిది రోజులు జీతం లేకుండా ఎక్కువ పనిచేయడం లాంటిది. డబ్బుల్లో చూసినా, నికరంగా ఎక్కువొచ్చే రెండున్నర వేలకు రెట్టింపు ప్రయాణానికే అవుతుంది.

శనివారం మళ్లీ కూర్చున్నాం. మార్కుల షీటు తెరవనివ్వలేదు. 1772లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే ఆయనకు ఇలాంటి చిక్కే వచ్చింది. లీడ్స్‌లో చర్చి బోధకుడిగా ఏడాదికి వంద గినీలు, ఉండడానికి ఇల్లు. లార్డ్ షెల్‌బర్న్ తన దగ్గరికొస్తే 250 పౌండ్లు ఇస్తానన్నాడు. ఏం చేయాలని ప్రీస్ట్‌లీ తన మిత్రుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను అడిగాడు. ఫ్రాంక్లిన్ ఏది ఎంచుకోవాలో చెప్పలేదు, ఎలా ఎంచుకోవాలో రాశాడు. కాగితం మధ్యలో గీత గీసి, అటు అనుకూలాలు, ఇటు ప్రతికూలాలు మూడు నాలుగు రోజులపాటు తోచినప్పుడల్లా రాయాలి. తర్వాత అటొకటి, ఇటొకటి సమానమనిపిస్తే రెండూ కొట్టేయాలి. ఒక్కోసారి ఇటు ఒకటి అటు రెండిటికి సమానం కావచ్చు, మూడూ కొట్టేయాలి. చివరికి ఏ వైపు మిగిలితే అటు. ప్రీస్ట్‌లీ 1773లో షెల్‌బర్న్ దగ్గర చేరాడు. మరుసటేడు ఆ కొలువులో ఉండగానే, తర్వాత ఆక్సిజన్ అని పేరు పెట్టిన వాయువును కనుక్కున్నాడు.

ఈ పద్ధతి నాకు ఎందుకిష్టమంటే, మార్కులు వేసేటప్పుడు ఒక్కో అంశాన్ని విడిగా చూస్తాం, కొట్టేసేటప్పుడు ఒకదాన్ని వదులుకుని ఇంకోటి తీసుకుంటామా అని మనల్ని మనమే నిలదీసుకోవాలి. మా మేనకోడలు పెన్ను పట్టుకుని మొదట కొట్టేసింది, స్టార్టప్ వైపు ఎక్కువ డబ్బు, ఉప్పల్ వైపు 71 గంటల ప్రయాణ మిగులు. ఆ రెండూ సమానమా అని అడిగాను. "గంటలే ఎక్కువ మావయ్యా, కానీ డబ్బు వైపు లీడ్ హోదా కూడా వేస్తే సరిపోతుంది" అని అదీ కొట్టేసింది. స్టార్టప్ నోటీస్ పీరియడ్ 30 రోజులు, ఉప్పల్‌ది 90. మూడు నెలలు ఆగమంటే చాలా కంపెనీలు ఒప్పుకోవు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. దానికి ఎదురుగా పీఎఫ్ తేదీల నిలకడను పెట్టి రెండూ తీసేసింది. ఉప్పల్ వైపు ఆటోమేషన్ పని, మేనేజర్ మిగిలాయి. ఇటువైపు ఏమీ మిగల్లేదు.

ఇదే కాగితం గచ్చిబౌలిలో హాస్టల్లో ఉండే పాతికేళ్ల కుర్రాడి చేతిలో వేరేలా ముగిసేది. అతనికి ప్రయాణం పావుగంట. లీడ్ హోదా ఉత్తదైనా, 30 రోజుల నోటీసుతో ఏడాదిలో బయటపడవచ్చు. గ్రూప్‌లో పేరు పెట్టి రాసే మేనేజర్ మాత్రం అతనికీ ఉంటాడు.

ఉప్పల్ వాళ్లకు ఒప్పుకునే ముందు రెండు అడిగింది. వారానికి మూడు రోజులే అన్నది ఆఫర్ లెటర్‌లో రాయమంటే కంపెనీ విధానాన్ని లెటర్‌లో రాయమన్నారు. మేనేజర్ మెయిల్‌లో రాసిచ్చారు. నికర జీతం 40 వేలు పెంచారు, అసలు తేడా 30 వేలే కదా! పాత కంపెనీలో రాజీనామా, ఆ సవరించిన లెటర్ చేతికొచ్చాకే.

చేరి తొమ్మిది నెలలైంది. ఆమె ఎంతో చూసి ఎంచుకున్న మేనేజర్ ఆరో నెలలో వేరే ప్రాజెక్టుకు మారిపోయారు. మీరు ఈ టీమ్‌లో ఎన్నాళ్ల నుంచి ఉన్నారు, ఇంతకుముందు టీముల్లో ఎన్నాళ్లున్నారని అడగడం మాకు తట్టలేదు. కొత్తగా వచ్చినావిడ నాలుగు రోజులు రమ్మంటున్నారు. పాత మెయిల్ చూపించాక ఆ మాట ప్రస్తుతానికి ఆగింది. స్టార్టప్‌కు ఈమధ్య కొత్త పెట్టుబడి వచ్చిందని విన్నాం. ఈపీఎఫ్‌ఓ పేజీలో చూస్తే వాళ్ల సంఖ్య మళ్లీ 190 దాటింది, పీఎఫ్ 14నే కట్టారు. మొన్న ఆదివారం వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పాను. ఆమె తలూపి, తను రాసిన టెస్టులు నాలుగు వందలు దాటాయని లాప్‌టాప్ తెరిచి చూపించింది.